రేటు మార్చినా కదలని మొత్తం

(చెన్నైలో కామర్స్ చదువుతున్న తెలుగు విద్యార్థుల సమావేశంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది వచ్చే ఏడాది ఆర్టికల్స్‌లో చేరబోతున్నారని చెప్పారు. మీకు ఆడిటింగ్ పాఠం చెప్పేవాళ్లు కాలేజీలో ఉన్నారు. నేను ఒక్క గడి గురించి చెబుతాను. ఎక్సెల్ షీటులో ఒకే ఒక్క గడి. దాని పేరు F87. ఆ గడిని పట్టుకున్నది మా ఆఫీసులో చేరి ఐదు నెలలైన ఒక ఆర్టికల్ అబ్బాయి. అంతకుముందు ఆ షీటు మీద టిక్కు పెట్టి, సరిపోయింది అని రాసి, కింద సంతకం చేసింది నేను. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి.

ఆ అబ్బాయిది సూళ్లూరుపేట. రోజూ పొద్దున్నే రైలెక్కి సెంట్రల్‌లో దిగి, అక్కడ ఇంకో రైలు మారి అంబత్తూరు వచ్చేవాడు. మేము ఆడిట్ చేస్తున్న కంపెనీ అంబత్తూరు పారిశ్రామికవాడలో ఉంది. బండ్లకి కావలసిన చిన్న చిన్న ఇనుప భాగాలు చేస్తారు. ప్లేట్లు, బ్రాకెట్లు, క్లాంపులు, వాషర్లు. యజమాని తమిళాయన. అకౌంట్స్ చూసే పెద్దాయన మాత్రం మన నెల్లూరు వైపు మనిషి, పాతికేళ్లుగా అక్కడే పని చేస్తున్నారు. అబ్బాయిని మొదటి రోజే "ఏం అబ్బయా, ఏ ఊరు?" అని పలకరించి, మధ్యాహ్నం తన క్యారియర్‌లోంచి పప్పు పెట్టారు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

జూన్ నెల. మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి క్లోజింగ్ స్టాక్ చూస్తున్నాం. క్లోజింగ్ స్టాక్ అంటే ఏమిటో మీకు తెలుసు. అది లాభం మీద ఎలా పనిచేస్తుందో మాత్రం ఒక నిమిషం ఆగి చూద్దాం. ఏడాది మొదట్లో ఉన్న సరుకుకి కొన్న సరుకు, తయారీ ఖర్చు కలిపి, ఏడాది చివర మిగిలిన సరుకు తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు వస్తుంది. చివర మిగిలింది ఎక్కువ చూపిస్తే ఖరీదు తగ్గుతుంది, లాభం అంతే పెరుగుతుంది. స్టాకులో ఒక రూపాయి ఎక్కువ పడితే లాభంలో రూపాయీ ఎక్కువ. మధ్యలో ఏ బిల్లూ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. కొనుగోలుకి ఇన్‌వాయిస్ ఉంటుంది, జీతానికి రిజిస్టరు ఉంటుంది. క్లోజింగ్ స్టాక్‌కి ఉండేది ఒక షీటు. దాన్ని రాత్రి పూట కూర్చుని ఒక మనిషి తయారు చేస్తాడు.

ఆ షీటులో 138 వరుసలు. ఒక్కో వరుసకి సరుకు పేరు, సంఖ్య, రేటు, విలువ. సంఖ్య D అనే నిలువు వరుసలో, రేటు Eలో, విలువ Fలో. విలువ గడిలో ఏముండాలి? సంఖ్యని రేటుతో గుణించే ఫార్ములా ఉండాలి. అడుగున మొత్తం 1,84,37,215 రూపాయలు.

నేను చేసిన పని ఇది. మొదట ఆ షీటు పీడీఎఫ్‌గా వచ్చింది. మొత్తాన్ని టాలీలో ట్రయల్ బ్యాలెన్స్‌తో పోల్చాను, సరిపోయింది. టాలీ అంకెని డ్రాఫ్ట్ బ్యాలెన్స్ షీటుతో పోల్చాను, సరిపోయింది. క్యాష్ క్రెడిట్ ఉన్న కంపెనీ కాబట్టి బ్యాంకుకి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌తో పోల్చాను, రూపాయి కూడా తేడా లేదు. విలువల వరుస పైనుంచి కిందికి కూడి చూశాను, అంటే క్యాస్టింగ్ చేశాను. అదీ సరిపోయింది. నాలుగు టిక్కులు పెట్టి, ఒకటిరెండు చిన్న పనులు అబ్బాయికి అప్పజెప్పి వేరే ఫైలు తీసుకున్నాను.

అతనికిచ్చిన పనుల్లో ఒకటి ఇది. స్టాక్‌ని ఖరీదు, అమ్మితే చేతికి వచ్చే నికర విలువ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దానికే చూపించాలని ఏఎస్-2 చెబుతుంది. దానికి ఏప్రిల్, మే అమ్మకాల బిల్లులు చూడాలి. ఒక హౌసింగ్ ప్లేటు ఖరీదు 612 రూపాయలు. కస్టమరు ధర తగ్గించమనడంతో ఏప్రిల్ నుంచి 598కే అమ్మారు. పంపడానికి అయ్యే ఖర్చు ఎనిమిది రూపాయలు తీస్తే 590. అంటే ఆ ప్లేటుని 612కి కాకుండా 590కి చూపించాలి. స్టాకులో 2,340 ప్లేట్లున్నాయి. ఒక్కోదాని మీద 22 రూపాయల చొప్పున 51,480 తగ్గాలి.

అతను ఎక్సెల్ ఫైలు అడిగి తీసుకున్నాడు. ఆ ఫైలుకి ఒక కాపీ చేసుకున్నాడు. E87 గడిలో 612 చెరిపి 590 కొట్టి ఎంటర్ నొక్కాడు.

మొత్తం కదల్లేదు.

మళ్లీ కొట్టాడు. కదల్లేదు. లెక్క మాన్యువల్‌లో ఉందేమో అనుకుని F9 నొక్కాడు. అప్పుడూ 1,84,37,215 అలాగే ఉంది. పక్క వరుసలో ఒక రేటు మార్చి చూశాడు, మొత్తం వెంటనే మారింది. వెనక్కి తెచ్చాడు. F87 మీద కర్సర్ పెట్టి పైన ఫార్ములా బార్‌లోకి చూశాడు. F86లో ఉన్నది ఇది, F87లో ఉన్నది ఇది. బోర్డు మీద వేస్తున్నాను. వెనక వరుసల వాళ్లకి కనిపిస్తోందా?

```
F86:  =D86*E86
F87:  1718820
F88:  =D88*E88
```

మధ్యలో ఉన్నదానికి ముందు సమానం గుర్తు లేదు. అది లెక్క వల్ల వచ్చిన అంకె కాదు, ఎవరో ఫార్ములా మీద కొట్టిన అంకె. 2,340ని 612తో గుణిస్తే 14,32,080 రావాలి. అక్కడున్నది 17,18,820. తేడా 2,86,740.

అతను నా దగ్గరికి వచ్చి, "మేడమ్, నేనేదో తప్పు చేశానేమో, ఒకసారి చూస్తారా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు షీటులో ఉంది, అతను మాత్రం తన చేతిని అనుమానిస్తున్నాడు. అప్పటికే నా టిక్కులున్న కాగితం కదా, అందుకు.

ఆ నాలుగు టిక్కులూ ఎందుకు పనికిరాలేదో ఆ సాయంత్రమే కూర్చుని ఆలోచించాను. క్యాస్టింగ్ ఎందుకు పట్టుకోలేదు? SUM అనే ఫార్ములాకి గడిలో ఉన్నది లెక్కా, చేత్తో కొట్టిందా అనే పట్టింపు లేదు. అంకె ఉంటే కూడుతుంది. నేను క్యాలిక్యులేటర్‌తో కూడినా అదే అంకె కూడతాను. నిలువుగా కూడితే ఈ తప్పు ఎన్నటికీ దొరకదు. అడ్డంగా గుణించాలి. దాన్ని మేము ఎక్స్‌టెన్షన్ చూడటం అంటాం. కాగితాల కాలంలో ఆర్టికల్ పిల్లలు ఈ పని చేతి క్యాలిక్యులేటర్‌తో రోజుల తరబడి చేసేవాళ్లు. షీటు ఎక్సెల్‌లోకి వచ్చాక, గుణకారం కంప్యూటరే చేసిందిలే అని మానేశాం. కంప్యూటరు చేసింది 137 వరుసల్లో. ఒక వరుసలో మనిషి చేశాడు.

ఇక టాలీతో సరిపోవడం. టాలీలో క్లోజింగ్ స్టాక్ అంకె ఎక్కడినుంచి వచ్చింది? ఈ షీటు చూసి కొట్టిందే. డ్రాఫ్ట్ బ్యాలెన్స్ షీటులోకి ఎక్కడినుంచి వచ్చింది? టాలీలోంచే. ఒకే మనిషి మూడు అద్దాల్లో కనిపిస్తే ముగ్గురు సాక్షులు ఉన్నట్టు కాదు. నేను అద్దాలు లెక్కపెట్టాను.

టాలీలో ఎడిట్ లాగ్ ఉంది కదా, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ తప్పనిసరి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. ఆ లాగ్ తెరిచి చూస్తే ఏముందంటే, ఏప్రిల్‌లో ఫలానా యూజరు 1,84,37,215కి జర్నల్ ఎంట్రీ వేశాడు, మళ్లీ మార్చలేదు. శుభ్రంగా ఉంది. మారింది టాలీలో కాదు. దాని బయట, ఒక పెన్‌డ్రైవ్‌లో తిరిగిన ఎక్సెల్ ఫైలులో. ఆ ఫైలుకి ఎవరు, ఎప్పుడు, ఏ గడి మీద ఏం కొట్టారన్న జ్ఞాపకం లేదు.

మిగిలింది బ్యాంకు స్టేట్‌మెంట్. నన్ను ఎక్కువ మోసపుచ్చింది అదే. అది షీటు కన్నా ముందు తయారైంది, బయటి వాళ్లకి వెళ్లిన కాగితం. అలాంటిది రూపాయితో సహా సరిపోతే ఆడిటర్‌కి ధైర్యం వస్తుంది. నిజానికి అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మధ్యాహ్నం వేసిన అంచనాకీ, రాత్రి సరుకు లెక్కపెట్టి వేసిన షీటుకీ రూపాయి తేడా లేకుండా ఎలా సరిపోతుంది?

ఇక్కడ అబ్బాయి చేసిన పని వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. నేనైతే వెంటనే అకౌంటెంట్‌గారిని పిలిచి "ఇదేంటండీ" అని అడిగేసేదాన్ని. అతను అలా చెయ్యలేదు. "మేడమ్, 2,86,740 ఎందుకయ్యుంటుంది? రెండు లక్షలో మూడు లక్షలో కాకుండా ఇంత విడి అంకె ఎందుకు?" అన్నాడు. మనిషి ఊరికే లాభం పెంచాలనుకుంటే రౌండు అంకె వేస్తాడు, లేదా దానికి దగ్గరగా ఏదో వేస్తాడు. ఇంత కచ్చితమైన అంకె పడిందంటే దేనికో సరిపెట్టడానికి పడి ఉండాలి.

దేనికి సరిపెట్టారో కనుక్కోవడానికి నిమిషం పట్టలేదు. తేడా తీసేస్తే అసలు స్టాక్ 1,81,50,475. తేడా కలిపితే బ్యాంకుకి ఇచ్చిన అంకె. అంటే షీటుని బ్యాంకు కాగితానికి సరిపడేలా వంచారు. మరి బ్యాంకు కాగితంలో 2,86,740 ఎక్కువ ఎందుకుంది?

అతను 138 రేట్ల పక్కన ఖాళీ వరుసలో ఈ ఫార్ములా వేశాడు.

```
=MOD(286740,E5)
```

ఆ తేడాని ఒక్కో రేటుతో భాగిస్తే శేషం ఎంతొస్తుందో ఇది చెబుతుంది. శేషం సున్నా వచ్చిందంటే ఆ తేడా ఆ సరుకు ముక్కల విలువే అయ్యుండవచ్చు. వాషర్, పిన్ను, క్లాంపు, బ్రాకెట్, ఈ నాలుగింటికి సున్నా వచ్చింది. పన్నెండు రూపాయల వాషర్ అయితే 23,895 ముక్కలు. 45 రూపాయల పిన్ను అయితే 6,372. 162 రూపాయల క్లాంపు అయితే 1,770. 243 రూపాయల బ్రాకెట్ అయితే 1,180.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది రుజువు కాదు. చిన్న రేట్లు చాలా అంకెల్ని నిశ్శేషంగా భాగిస్తాయి, పన్నెండుకైతే మరీను. ఈ భాగహారం అనుమానితుల జాబితా మాత్రమే ఇస్తుంది. అందుకే అతను ఆ నాలుగు పేర్లు చీటీ మీద రాసుకుని డిస్పాచ్ సెక్షన్‌కి వెళ్లి, మార్చి చివరి రెండు రోజుల గేటు రిజిస్టరు అడిగాడు. అందులో ఒక వరుస ఇలా ఉంది. మార్చి 31, మధ్యాహ్నం మూడున్నర, బ్రాకెట్లు 1,180. ఇన్‌వాయిస్ అదే రోజుది, ఈ-వే బిల్లు అదే రోజుది, టాలీలో అమ్మకం కూడా మార్చిలోనే ఉంది.

ఇప్పుడు జరిగింది మీకే తెలిసిపోతుంది. బ్యాంకులో లిమిట్ రెన్యువల్ నడుస్తోంది. స్టాక్ స్టేట్‌మెంట్ ఆ రోజే కావాలని యజమాని తొందరపెట్టారు. మధ్యాహ్నం పన్నెండుకి స్టాక్ రిజిస్టరు చూసి స్టేట్‌మెంట్ పంపేశారు. లెక్కింపు కోసం మెషీన్లు ఆపేశారు, కాబట్టి కొత్త సరుకు తయారవలేదు. కానీ మూడున్నరకి ఒక లారీ వెళ్లింది. సాయంత్రం ఆరుకి సరుకు లెక్కపెట్టారు. లారీలో వెళ్లిన బ్రాకెట్లు లెక్కలోకి రాలేదు, రాకూడదు కూడా. కాబట్టి లెక్కింపు సరైనది. తప్పు బ్యాంకుకి వెళ్లిన కాగితంలో ఉంది. అదైనా పంపినప్పుడు తప్పు కాదు, సాయంత్రానికి పాతబడింది.

రాత్రి తొమ్మిదింటికి పెద్దాయన షీటు పూర్తి చేశారు. కూడితే బ్యాంకుకి ఇచ్చినదాని కన్నా 2,86,740 తక్కువ వచ్చింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ముడి సరుకు, తయారైన సరుకు అని నాలుగు పద్దులే ఉంటాయి, విడి సరుకుల పేర్లు ఉండవు. తేడా తయారైన సరుకులో ఉందని తెలిసింది, ఏ సరుకో తెలియలేదు. ఇంకా వెతికే ఓపిక లేకపోయింది. తయారైన సరుకులో ఎక్కువ విలువున్న వరుస చూసుకుని, దాని విలువ మీద కొత్త అంకె కొట్టేశారు. రేపు చూద్దాం అనుకున్నారు. పొద్దున మొత్తం బ్యాంకుతో సరిపోతూ కనిపించింది. ఇక చూడలేదు.

సంఖ్యనే పెంచేసి ఉండొచ్చు కదా అని మీరు అడగాలి. అడిగితే మంచి ప్రశ్న. 2,86,740ని 612తో భాగిస్తే 468 ప్లేట్లు కాక ఇంకో సగం ముక్క వస్తుంది. సగం ప్లేటు ఉండదు. అందుకని సంఖ్య జోలికి పోకుండా విలువ మీదే కొట్టారు. మనకు అదృష్టం. సంఖ్య మార్చి ఉంటే గుణకారం సరిగ్గా ఉండేది, రేటు మారిస్తే మొత్తం కదిలేది, ఈ కథే ఉండేది కాదు. అప్పుడు లెక్కింపు రోజు ఫ్యాక్టరీలో రాసిన కౌంట్ షీట్లు తీసి, వరుస వరుసా పోల్చడం ఒక్కటే దారి.

రేపు ఈ పని మీ చేతులతో మీరే చెయ్యాలి కాబట్టి, ఇలాంటి గడిని ఎలా పట్టుకోవాలో ఇప్పుడు చెబుతాను. ఎక్సెల్‌లో Show Formulas అని ఉంది. Ctrl నొక్కి పట్టుకుని, 1 అంకెకి ఎడమ పక్క మీట నొక్కినా అదే వస్తుంది. గడులన్నీ ఫార్ములాలు చూపిస్తాయి, వాటి మధ్య ఒంటరి అంకె కంటికి తగులుతుంది. ఇంకో దారి, విలువల వరుస ఎంచుకుని F5 నొక్కి, Special లోకి వెళ్లి Constants ఎంచుకుంటే చేత్తో కొట్టిన అంకెలున్న గడులు మాత్రమే వెలుగుతాయి. ISFORMULA అనే ఫంక్షన్ కూడా ఉంది. ఎక్సెల్ కొన్నిసార్లు గడి మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం పెట్టి హెచ్చరిస్తుంది కదా, అది ఇక్కడ రాలేదు. పక్క ఫార్ములాలతో పొసగని ఫార్ములా ఉంటే అది వస్తుంది. ఇక్కడ అసలు ఫార్ములానే లేదు.

వీటికీ ఒక హద్దుంది. పెద్దాయన అంకె కొట్టకుండా ఇలా రాసి ఉంటే?

```
=D87*E87+286740
```

ఇది ఫార్ములానే. Constants వెతికితే దొరకదు. ISFORMULA అవునంటుంది. రేటు మారిస్తే మొత్తం కదులుతుంది కూడా. అందుకని అబ్బాయి చివరికి అన్ని షీట్లకీ ఒకే పరీక్ష పెట్టుకున్నాడు.

```
=SUMPRODUCT(D5:D142,E5:E142)-SUM(F5:F142)
```

సంఖ్యల్నీ రేట్లనీ తనే గుణించి కూడి, షీటులో ఉన్న విలువల మొత్తాన్ని అందులోంచి తీసేస్తుంది. సున్నా రావాలి. పైసలు సవరించి ఉంటే ఒకటి రెండు రూపాయలు తేడా రావచ్చు. ఆ రోజు వచ్చింది -286740. ఎక్కడో ఒకచోట ఎక్కువుందని చెబుతుంది, ఎక్కడో మనం వెతుక్కోవాలి. దీనికైనా సంఖ్యలు నిజమో కాదో తెలియదు. అది చెప్పేది గోడౌనే.

ఇవన్నీ చెయ్యాలంటే అసలు ఫైలు చేతిలో ఉండాలి. పీడీఎఫ్‌లో 17,18,820 మిగతా అంకెల్లాగే కనిపిస్తుంది. నేను చూసింది పీడీఎఫ్.

ఒక ప్రశ్న వస్తోంది, చెప్పండమ్మా. "ఇది మోసమేనా మేడమ్?"

ఆయన జేబులో రూపాయి పడలేదు. అది మొదట చెప్పాలి. కానీ ఫలితం చూడండి. ఆ బ్రాకెట్లు అమ్మకంలో ఉన్నాయి, స్టాకులోనూ ఉన్నాయి. రెండు చోట్లా లెక్కపడ్డాయి. లాభం 2,86,740 ఎక్కువ కనిపించింది, దాని మీద పన్ను కూడా కట్టేవాళ్లు. బ్యాంకు స్టాక్ విలువలో పాతిక శాతం మార్జిన్ పట్టుకుని మిగతాదాని మీద అప్పు ఇస్తుంది. అంటే లేని సరుకు మీద 2,15,055 రూపాయల దాకా డ్రాయింగ్ పవర్ దొరికింది. మరుసటి ఏడాది ఓపెనింగ్ స్టాక్ అంతే ఎక్కువ కాబట్టి, ఆ ఏడాది లాభం అంత తగ్గి, రెండేళ్లకి లెక్క తనంతట తానే సర్దుకుంటుంది. ఇది చిన్న ఓదార్పు. ఎందుకంటే చాలామంది పాత ఫైలుకే సేవ్ యాజ్ కొట్టి కొత్త ఏడాది వాడతారు. అలా చేస్తే F87 గడిలో 17,18,820 అలాగే ఉంటుంది. ప్లేట్లు రెండు వేలున్నా ఇరవై ఉన్నా అదే విలువ చూపిస్తుంది.

తేడా మొత్తం స్టాకులో రెండు శాతం కూడా లేదు. పొరపాటున పడి ఉంటే దిద్దించి ముందుకు పోతాం. తెలిసి ఒకరు మార్చారంటే, ఇంకెక్కడ మార్చారో అని మిగతా షీట్లన్నీ మళ్లీ చూడాలి. మేము చూశాం. ఇంకేమీ దొరకలేదు. ఈ తేడాని మా పార్ట్‌నర్ యజమానికి రాతపూర్వకంగా తెలియజేశారు.

పెద్దాయనతో మాట్లాడేటప్పుడు అబ్బాయి ఏమన్నాడో చెబుతాను. నేను పక్కనే ఉన్నాను. "ఎందుకు మార్చారు" అని అడగలేదు. గేటు రిజిస్టరు తెరిచి ముందు పెట్టి, "సార్, ఆ రోజు మూడున్నరకి బ్రాకెట్ల లారీ వెళ్లింది. మీకు రాత్రి తక్కువొచ్చింది ఇదే అనుకుంటా" అన్నాడు.

పెద్దాయన రిజిస్టరు వైపు చాలాసేపు చూశారు. వేలు పెట్టి ఆ వరుస చదివారు. "ఇదా అబ్బయా?" అన్నారు. "ఆ రాత్రి రెండు గంటలు వెతికినా. లారీ సంగతి నాకు ఎవురూ చెప్పలా." కాసేపాగి, "తేడా ఉందని రాసుంటే యజమాని బ్యాంకుకి ఏం చెప్పాలని తిడతాడని భయపడినా" అన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదని చెప్పను. వచ్చింది. కానీ ఆ భయం నాకు తెలుసు. తేడా చూపించే మనిషినే తేడాకి కారణం అన్నట్టు చూసే ఆఫీసుల్లో నేనూ పని చేశాను.

ఆ వారమే సవరణ ఎంట్రీ పడింది. ప్లేటు ధర తగ్గింపు కూడా కలిపి స్టాక్ 1,80,98,995కి దిగింది. బ్యాంకుకి సవరించిన స్టేట్‌మెంట్, లారీ వివరాలతో ఒక ఉత్తరం వెళ్లాయి. వర్కింగ్ పేపర్లలో నా పాత టిక్కుల్ని చెరపలేదు. వాటి పక్కనే తేదీ వేసి, పీడీఎఫ్ మాత్రమే చూశానని, ఎక్స్‌టెన్షన్ చూడలేదని రాశాను. ఆ కింద అబ్బాయి గడి పేరు, ఉండాల్సిన ఫార్ములా, ఉన్న అంకె, తేడా, గేటు రిజిస్టరు పేజీ కాపీ పెట్టాడు.

మరుసటి ఏడాది మళ్లీ అంబత్తూరు వెళ్లాం. ఈసారి పెద్దాయన పీడీఎఫ్ పంపలేదు, ఎక్సెల్ ఫైలే పంపారు. మొత్తం కింద SUMPRODUCT వరుస ఉంది, సున్నా చూపిస్తోంది. దాని కింద ఇంకో వరుస, ఎర్ర రంగులో, ఆయన సొంతంగా పెట్టుకున్నది. "బ్యాంకుకి ఇచ్చిన దానికి తేడా 38,412. కారణం ఇంకా తెలియలేదు."

అబ్బాయి ఆ వరుస చదివి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సార్, గేటు రిజిస్టరు ఒకసారి ఇస్తారా" అన్నాడు. పెద్దాయన అప్పటికే దాన్ని బల్ల మీద పెట్టుకుని ఉన్నారు.